డీనాయిజ్ చేస్తే నాట్యం చేసే చేతుల చుట్టూ నీడలు ఎందుకొస్తాయి?

ప్రశ్న: మా చెల్లి కూచిపూడి ప్రోగ్రామ్ మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో జరిగింది (బెంగళూరు, బెళ్ళందూరు). లైటింగ్ చాలా తక్కువ. ట్రైపాడ్ మీద 1080p, 25 ఫ్రేములు, 1/50 షట్టర్, ISO 12800. డావిన్చీ రిజాల్వ్‌లో Temporal NR అనే నాయిస్ తగ్గించే ఫిల్టర్ పెట్టి Frames 5 చేసి, Luma, Chroma థ్రెషోల్డ్‌లు బాగా పెంచాను. వెనక తెర అద్దంలా శుభ్రమైంది కానీ చేతులు, జడ కదిలినప్పుడల్లా నీడ తోకలు వస్తున్నాయి. చేతికి వెనకే కాదు, ఒక్కోసారి చేయి ఇంకా రాకముందే ముందు కూడా కనిపిస్తోంది! ఆల్తా పెట్టిన వేళ్ళ దగ్గర ఎర్రటి మరక కూడా ఉంది. కెమెరా తప్పా, నా సెట్టింగ్ తప్పా?

జవాబు:

చేయి రాకముందే నీడ వస్తోందన్న ఆ ఒక్క మాటతో సగం సంగతి తేలిపోయింది. రికార్డ్ చేస్తున్న కెమెరా రాబోయే ఫ్రేమును చూడలేదు. అది తనలో తాను నాయిస్ తగ్గించుకుంటే, అయిపోయిన ఫ్రేములను ఇప్పటి ఫ్రేములో కలుపుతుంది. అందుకే కెమెరా వదిలే తోక ఎప్పుడూ కదిలే వస్తువు వెనకే ఉంటుంది, పోను పోను పలచబడుతుంది. ముందూ వెనకా రెండువైపులా నీడ ఉందంటే, పూర్తయిన వీడియో చేతిలో ఉన్న ఫిల్టర్ ఇరుపక్కల ఫ్రేములనూ తెచ్చి కలిపిందన్నమాట. మీ తోకలు ఎడిటింగ్‌లో వచ్చినవే, కాబట్టి పోగొట్టే దారి ఉంది.

అయినా ఒకసారి అసలు ఫైల్ తెరిచి, NR ఆపేసి, చేయి వేగంగా తిరిగే చోట ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. అక్కడ మామూలు మోషన్ బ్లర్ కనిపిస్తుంది, దాన్ని ఘోస్టింగ్, అంటే మీరు చెప్పే నీడ తోక, అనుకోకండి. రెంటికీ తేడా లెక్క వేసి చూడొచ్చు. వేదిక వెడల్పు 6 మీటర్లు మీ 1920 పిక్సెళ్ళలో పట్టిందనుకుందాం. అంటే మీటరుకు 320 పిక్సెళ్ళు. చేయి సెకనుకు 2 మీటర్ల వేగంతో కదిలితే సెకనుకు 640 పిక్సెళ్ళు, ఫ్రేముకు సుమారు 25. షట్టర్ 1/50 కాబట్టి, ఫ్రేము కాలంలో సగం సేపే వెలుతురు పడుతుంది. అంటే మోషన్ బ్లర్ 13 పిక్సెళ్ళ దాకా ఉంటుంది, అదీ తెగకుండా ఒకే చారలా ఉంటుంది. ఘోస్టింగ్ అలా ఉండదు. 25 పిక్సెళ్ళకొకటి చొప్పున విడివిడి నకళ్ళుగా వస్తుంది. వేలు సన్నం, 2 సెంటీమీటర్లంటే 6 పిక్సెళ్ళు. బ్లర్ కలుపుకున్నా 19. అందుకే వేళ్ళ నకళ్ళు దువ్వెన పళ్ళలా విడిగా కనిపిస్తాయి. ముంజేయి వెడల్పు కాబట్టి దాని నకళ్ళు ఒకదానిమీదొకటి పడి పొగలా కలిసిపోతాయి. మీ వీడియోలో వేళ్ళ దగ్గర ఆగి చూస్తే ఎన్ని ఫ్రేములు కలిశాయో లెక్కపెట్టగలరు కూడా.

ఇక అసలు కారణం. ఇది అర్థమైతే ఏ స్లైడర్ ఎందుకు తిప్పాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

పక్క ఫ్రేములను సగటు చేస్తే నాయిస్ తగ్గుతుంది, ఎందుకంటే నాయిస్ ఫ్రేముఫ్రేముకూ మారుతుంది, తెర మారదు. ఎన్ని ఫ్రేములు కలిపితే దాని వర్గమూలమంత తగ్గుతుంది. కదిలిన చోట మాత్రం సగటు చేయకూడదు. మరి కదిలిందని ఫిల్టర్‌కు ఎలా తెలుస్తుంది? రెండు ఫ్రేముల్లో అదే చోట ఉన్న పిక్సెళ్ళ తేడా చూస్తుంది. తేడా థ్రెషోల్డ్ కంటే తక్కువైతే "ఇది నాయిస్, కలిపేద్దాం" అనుకుంటుంది. ఎక్కువైతే "ఇది కదలిక, వదిలేద్దాం" అంటుంది. చీకట్లో ఈ రెండూ ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. గొడవంతా అక్కడే.

అంకెలతో చూద్దాం. 0 నుంచి 255 దాకా ఉండే స్కేలు మీద, మీ తెర 38 దగ్గర ఉందనుకోండి, జడ 22 దగ్గర. ISO 12800లో ఒక్కో పిక్సెల్ సుమారు 6 లెవెళ్ళు అటూ ఇటూ ఊగుతుందనుకుందాం. ఇక్కడ 6 అంటే స్టాండర్డ్ డీవియేషన్. రెండు ఫ్రేముల తేడా తీస్తే రెంటి ఊపూ కలిసి 8.5 అవుతుంది. నాయిస్‌ను కదలికగా పొరబడకుండా ఉండాలంటే థ్రెషోల్డ్ దానికి మూడింతలు, అంటే 25 దాకా పెట్టాలి. మీరు తెర అద్దంలా అయ్యేదాకా పెంచారంటే దాదాపు ఆ స్థాయికి వెళ్ళిపోయారన్నమాట. కానీ జడకూ తెరకూ మధ్య అసలు తేడా 16 మాత్రమే. 25 లోపే ఉంది కాబట్టి ఫిల్టర్ కళ్ళకు జడ ఊగడం కూడా నాయిసే. కలిపేస్తుంది.

కలిపితే ఏమవుతుంది? ఇరుపక్కలా రెండేసి, మొత్తం 5 ఫ్రేముల సగటు తీశామనుకోండి. తెరలోని ఒక చోట 2 ఫ్రేముల్లో జడ ఉంది, 3 ఫ్రేముల్లో లేదు. 22 రెండుసార్లు, 38 మూడుసార్లు కలిపి 5తో భాగిస్తే 31.6. అక్కడ ఉండాల్సింది 38. అంటే 6.4 లెవెళ్ళ నల్లటి నీడ మిగిలింది. సగటు వల్ల నాయిస్ 6 నుంచి 2.7కు దిగింది. ఈ 6.4 నీడ ముందున్న 6 లెవెళ్ళ గ్రెయిన్‌లోనైతే పెద్దగా కంటికి ఆనేది కాదు. ఇప్పుడు చుట్టూ శుభ్రమైపోయింది కాబట్టి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత మీరు గ్రేడింగ్‌లో చీకటి భాగాలను రెట్టింపు ఎత్తితే ఆ నీడ 13 లెవెళ్ళు అవుతుంది.

ఇప్పుడు అదే ఫ్రేములో వడ్డాణం చూడండి. బంగారు రంగు, 150 దగ్గర మెరుస్తూ ఉంటుంది. తెరతో తేడా 112. ఫిల్టర్ దాన్ని కదలికగా వెంటనే గుర్తిస్తుంది, ముట్టుకోదు. కాబట్టి వడ్డాణం అంచులో తోక ఉండదు, కానీ గ్రెయిన్ అలాగే మిగిలిపోతుంది. జడ, నల్ల అంచు, నీడలో ఉన్న ముంజేయి, ఇవన్నీ తోక వదులుతాయి. మీ క్లిప్‌లో ఇలాగే ఉందో లేదో చూడండి. వెలుగున్న నగల దగ్గర శుభ్రమైన అంచు, చీకటి భాగాల దగ్గర తోక కనిపిస్తే, మీ థ్రెషోల్డ్ ఎక్కువైందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆల్తా మరక సంగతి వేరు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే, ఎందుకంటే కూచిపూడిలో చూడాల్సింది ఆ వేళ్ళనే. వెలుగు విలువ, అంటే లూమా, మూడు రంగుల నుంచి ఈ లెక్కన వస్తుంది:

```
Y = 0.2126 R + 0.7152 G + 0.0722 B
```

ఎరుపుకు ఇందులో ఐదో వంతు బరువే ఉంది, ఆకుపచ్చదే పెత్తనం. మసక వెలుతురులో ఆల్తా వేలు R 90, G 24, B 26 అనుకోండి. లూమా 38 వస్తుంది. వెనక గోధుమరంగు తెర R 48, G 36, B 28 అయితే దానికీ 38 వస్తుంది. మన కంటికి ఒకటి ఎరుపు, ఒకటి గోధుమ. లూమా చూసి కదలికను పట్టే ఫిల్టర్‌కు అక్కడ వేలే లేదు! రంగులో తేడా ఉంది కానీ, రంగు మచ్చలు పోవాలని మీరు Chroma థ్రెషోల్డ్ కూడా పెంచేశారు కాబట్టి ఆ కాపలా కూడా పోయింది. పైగా చాలా కెమెరాలు 4:2:0లో రికార్డ్ చేస్తాయి. అంటే నాలుగు పిక్సెళ్ళకు కలిపి ఒకే రంగు విలువ ఉంటుంది. అందుకే ఆ ఎర్ర మరక వేలి ఆకారంలో కాకుండా అంచు దాటి మందంగా పరుచుకుంటుంది.

మారతహళ్ళిలో ఉంటూ మన తెలుగువాళ్ళ నాట్య కార్యక్రమాలు చాలా ఏళ్ళుగా ఎడిట్ చేస్తున్నాను. మొదట్లో ఒక తరంగం వీడియో ఇలాగే చేసి ఇచ్చాను. పళ్ళెం మీద పాప, వెనక చీకటి తెర, నా చిన్న ల్యాప్‌టాప్‌లో అంతా నున్నగా కనిపించింది. వాళ్ళింట్లో పెద్ద టీవీలో వేసినప్పుడు పాప గురువుగారు చూసి, "హంసాస్యం పట్టింది, కానీ విడిగా ఉండాల్సిన మూడు వేళ్ళూ కనిపించట్లేదండీ" అన్నారు. బొటనవేలూ చూపుడువేలూ కలిసి, మిగతా మూడూ విచ్చుకుని ఉండాల్సిన ముద్ర అది. సగటు చేయడంలో ఆ మూడూ కలిసిపోయి ఎర్రటి ముద్దలా మిగిలాయి. ఆ రోజు నుంచి తెర ఎంత శుభ్రంగా ఉందో చూసుకోవడం మానేశాను. వేళ్ళు చూసి సెట్టింగ్ పెడతాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది. NRను మొదటి నోడ్‌లోనే ఉంచండి, రంగులు దిద్దే నోడ్‌లు దాని తర్వాత రావాలి. కానీ ఫలితం చూసేటప్పుడు గ్రేడింగ్ ఆన్ చేసి చూడండి, ఎందుకంటే పైన చెప్పినట్టు చీకట్లో దాగిన నీడలు వెలుగు ఎత్తాకే బయటపడతాయి.

Frames 5 నుంచి 1కి దించండి. ఆ అంకె ఒక్కో పక్కన ఎన్ని ఫ్రేములు కలపాలో చెబుతుంది. ఇది వినగానే "మరి నాయిస్?" అని టెన్షన్ పడతారు. లెక్క చూడండి: ఇరుపక్కలా ఒక్కొక్కటి, మొత్తం 3 ఫ్రేములు కలిపితే 6 ఉన్న నాయిస్ 3.5 అవుతుంది. ఇరుపక్కలా 2 అయితే 2.7. ఇరుపక్కలా 5, మొత్తం 11 అయితే 1.8. మొదటి జంటతోనే పెద్ద లాభం వచ్చేస్తుంది, ఆ తర్వాత చేర్చే ప్రతి జంటకూ లాభం తగ్గుతూ పోతుంది. తోక మాత్రం తగ్గదు, ప్రతి జంటతో ఇరువైపులా ఇంకో 25 పిక్సెళ్ళు పొడుగవుతుంది. 5 దగ్గర చేతికి అటూ ఇటూ 125 పిక్సెళ్ళ దాకా నకళ్ళు పడే అవకాశం ఉంది. నాట్యానికి నేను 2 దాటను.

తర్వాత Mo. Est. Type దగ్గర Better పెట్టండి, Motion Range దగ్గర Large. Large అంటే వేగంగా కదిలే వస్తువులు ఉన్నాయని చెప్పడం. అప్పుడు కదిలే చోటు చుట్టూ ఎక్కువ భాగాన్ని సగటు నుంచి తప్పిస్తుంది. అదే ప్యానెల్‌లో Motion అనే థ్రెషోల్డ్ ఉంటుంది, దాన్ని తగ్గిస్తే చిన్న కదలికను కూడా కదలికగానే లెక్కిస్తుంది. మీరు దాన్ని ముట్టుకోలేదనుకుంటా. తోకలు తగ్గించడంలో చాలామంది మర్చిపోయేది అదే.

కదలికను లెక్కగట్టడం వల్ల ఎంత తేడా వస్తుందో పై అంకెలతోనే చూపిస్తాను. ఒక్కో పిక్సెల్‌ను విడిగా చూస్తే 16 తేడా 8.5 ఊపులో మునిగిపోయింది కదా. 8 బై 8 బ్లాక్, అంటే 64 పిక్సెళ్ళు ఒకేసారి పోల్చి, తేడాల సగటు తీస్తే లెక్క మారిపోతుంది. నాయిస్ మాత్రమే ఉన్న బ్లాక్‌లో సగటు తేడా 7 దగ్గర నిలకడగా ఉంటుంది. జడ తప్పుకుని తెర బయటపడిన బ్లాక్‌లో 16 దగ్గర ఉంటుంది. 7కూ 16కూ మధ్య గీత గీయడం తేలిక. అందుకే బ్లాకులను పోల్చే పద్ధతి చీకట్లో కూడా కదలికను పట్టగలదు. దానికీ హద్దులున్నాయి. జడ కేవలం పక్కకు జరిగితే పక్క ఫ్రేములో దాని జత దొరుకుతుంది, కానీ ముద్ర మారేటప్పుడు వేళ్ళు మడుచుకుంటాయి, అరచేయి తిరుగుతుంది, ఆ రూపం పక్క ఫ్రేములో ఎక్కడా ఉండదు. ఇంకొకటి, కెమెరా కంప్రెషన్ వల్ల నాయిస్ ఇసుకలా కాకుండా చిన్న చిన్న గడ్డలుగా మారుతుంది. గడ్డలోని పిక్సెళ్ళన్నీ ఒకేలా ఊగుతాయి కాబట్టి 64 పిక్సెళ్ళ బలం 64గా ఉండదు. తక్కువ బిట్‌రేట్ ఫైళ్ళలో ఎంత మంచి ఫిల్టరైనా తడబడటానికి కారణం ఇది.

ఇప్పుడు థ్రెషోల్డ్‌లు. Luma, Chroma రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటే విడదీయండి. రెండూ సున్నాకు తెచ్చి, Lumaను మాత్రం కొంచెం కొంచెంగా పెంచుతూ వెళ్ళండి. తెర చూడకండి, జడ ఎక్కువగా ఊగే రెండు సెకన్లు లూప్‌లో పెట్టి చూడండి. తోక మొదలైన చోట ఆగి, కాస్త వెనక్కి తగ్గండి. Chromaను Luma కంటే తక్కువగా ఉంచండి. రంగు మచ్చలు మిగులుతాయి కదా అంటే, వాటికి Spatial NRలోని Chroma వాడండి. అది ఒకే ఫ్రేములో పక్క పిక్సెళ్ళను చూస్తుంది, పక్క ఫ్రేముల జోలికి పోదు, కాబట్టి తోక రాదు. రంగు కాస్త మెత్తబడినా మన కన్ను పట్టించుకోదు, వెలుగు అంచు చెదిరితే మాత్రం వెంటనే పట్టేస్తుంది. ఆల్తా మరకకు నేను చూసినంతలో ఇదే సరైన మందు.

సరిగ్గా వచ్చిందా లేదా అని కళ్ళతో తేల్చుకోలేకపోతే ఈ పరీక్ష చేయండి. గ్రేడింగ్ లేకుండా NR మాత్రమే ఉన్న 20 సెకన్ల ముక్క, NR లేని అదే ముక్క, రెండూ ఒకే ఫ్రేము నుంచి మొదలయ్యేలా ఎగుమతి చేసి, ఒకదానిలోంచి ఇంకొకటి తీసేయండి:

```
ffmpeg -i asalu.mp4 -i nr.mp4 -filter_complex "[0:v][1:v]blend=all_mode=grainextract,eq=contrast=4" -c:v libx264 -crf 12 teda.mp4
```

వచ్చేది ఫిల్టర్ తీసి పారేసిన భాగం. తేడా లేని చోట నడిమి బూడిద రంగు ఉంటుంది, మిగతాది 4 రెట్లు పెద్దదై కనిపిస్తుంది. అందులో ఇసుక చల్లినట్టు గ్రెయిన్ ఒక్కటే ఉంటే మీ సెట్టింగ్ బాగుంది. మీ చెల్లి ఆకారం, జడ గీత, వేళ్ళ అంచులు కనిపిస్తే ఫిల్టర్ నాయిస్‌తో పాటు మనిషిని కూడా తీసేస్తోందన్నమాట. పోయిన జడ ఒకచోట నల్లగా, దాని నీడ పడిన చోట తెల్లగా, రెండూ జంటగా కనిపిస్తాయి. మనిషి ఉన్న చోట గ్రెయిన్ లేక ఖాళీగా బూడిదరంగు బొమ్మలా ఉంటే మాత్రం కంగారు పడకండి, కదిలే చోటును ఫిల్టర్ ముట్టుకోకుండా వదిలేసిందని అర్థం.

కానీ ఆ వదిలేయడం వల్ల ఇంకో చిక్కు వస్తుంది. తెర నున్నగా, దాని ముందు మీ చెల్లి మాత్రం గరుకుగా, కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. ఆమె ఆగినప్పుడు గ్రెయిన్ మాయమవుతుంది, కదలగానే మళ్ళీ వస్తుంది. ఇది తోక కంటే ఎక్కువ చిరాకు పెడుతుంది. ఆమె మీద గ్రెయిన్ తీసేయాలని మళ్ళీ థ్రెషోల్డ్ పెంచితే మొదటికే వస్తాం. నేను చేసేది, తెరను మరీ శుభ్రం చేయకపోవడం. Temporal NR కింద ఉన్న Blendను పెంచితే అసలు చిత్రం కొంత వెనక్కి వచ్చి కలుస్తుంది. 20, 30 దగ్గర తెర మీద సన్నటి గ్రెయిన్ మిగిలి, మనిషి మీదున్న గ్రెయిన్‌తో దగ్గరవుతుంది. ఇంకా తేడా ఉంటే మనిషి మీద Spatial NR Luma చాలా కొద్దిగా వేస్తాను, వేళ్ళ గోళ్ళు కనిపించినంతవరకే.

ఒక విషయం కనుక్కోండి: క్లబ్‌హౌస్ LED లైట్లు మినుకుమన్నాయా? మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం LEDలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. మీ 1/50 షట్టర్‌లో సరిగ్గా రెండు మినుకులు పడతాయి, కాబట్టి మీకు ఇబ్బంది ఉండకూడదు. పక్కన ఎవరైనా 30 ఫ్రేములు, 1/60తో తీసి ఉంటే, ఒక్కో ఫ్రేము వెలుగు ఒక్కోలా ఉంటుంది. ఫిల్టర్‌కు అంతా కదిలినట్టే అనిపించి ఎక్కడా నాయిస్ తీయదు. ఆ క్లిప్ కలపాలంటే ముందు డీఫ్లికర్, తర్వాతే NR.

వచ్చేసారి షూటింగ్‌కు వెళ్ళేటప్పుడు కెమెరా మెనూలో హై ISO నాయిస్ రిడక్షన్‌ను వీలైనంత తగ్గించండి, అది వదిలిన తోకను మనం తర్వాత తీయలేం. తెరకూ జడకూ మధ్య తేడా పెంచే ఏర్పాటు ఏదైనా చేయండి. నేనైతే నిర్వాహకులను అడిగి వెనక తెర మీదకు ఒక LED ప్యానెల్ తిప్పిస్తాను. తెర 38 నుంచి 60కి లేస్తే జడతో తేడా 38 అవుతుంది. ఎక్కువ వెలుగున్న చోట నాయిస్ కూడా కాస్త పెరుగుతుంది, అయినా ఆ తేడా 25 గీతను సులువుగా దాటేస్తుంది. వేదిక మీద వెలుగే రెట్టింపు చేయగలిగితే, రెండు ఫ్రేములు కలిపినంత లాభం ఏ తోకా లేకుండా వస్తుంది.

ఇప్పుడున్న క్లిప్‌కు Frames 1, Motion తగ్గించి, Chroma విడదీసి ముందు జడ ఊగే రెండు సెకన్లు చేసి చూడండి. తేడా వీడియోలో వేళ్ళ గీతలు ఇంకా కనిపిస్తే ఆ ఫ్రేమూ, మీ సెట్టింగ్‌ల స్క్రీన్‌షాటూ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.